రెండు గుడ్లు, నూరు అంతస్తులు: ఇంటర్వ్యూ చేసేవారు అసలు దేన్ని చూస్తారు?

లహరి_ఖమ్మం

అందరికీ నమస్కారం. పోయిన మంగళవారం హైదరాబాదులో ఒక కంపెనీకి డేటా అనలిస్టు ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వెళ్లాను. డేటాబేసు ప్రశ్నలన్నీ బాగానే చెప్పాను. చివరి పావుగంటలో ఆయన ఒక పజిల్ ఇచ్చారు. నూరు అంతస్తుల భవనం, చేతిలో ఒకేలాంటి రెండు గుడ్లు. ఒక అంతస్తు నుంచి, ఆపైన ఎక్కడి నుంచి వదిలినా గుడ్డు పగులుతుంది, దానికి కింద ఎక్కడి నుంచి వదిలినా పగలదు. ఆ అంతస్తు ఏదో తేల్చడానికి ఎన్నిసార్లు వదలాలి?

నేను దాదాపు నాలుగు నిమిషాలు కాగితం వైపే చూస్తూ కూర్చున్నాను. తరువాత "పంతొమ్మిది" అన్నాను. ఆయన "ఇంకా తగ్గించగలరా?" అన్నారు. నా చెవికి అది "తప్పు" అన్నట్టే వినిపించింది. "తెలియదు సర్" అనేశాను. నిన్న తిరస్కరిస్తూ మెయిల్ వచ్చింది. ఇంటికొచ్చి వెతికితే సమాధానం 14 అని ఉంది. అయిదు తక్కువ చెప్పలేకపోయినందుకే ఉద్యోగం పోయిందా? అసలు అక్కడ ఆయన చూసినది ఏమిటి?

చిన్ని_కోడ్

14 కూడా కాదండీ, 7. బైనరీ సెర్చ్. ముందు 50 నుంచి వదలండి, పగిలితే 25, పగలకపోతే 75. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే ఏడుసార్లలో తేలిపోతుంది. ఇంత చిన్న దానికి అంత చర్చ ఎందుకో.

శంకరం

చిన్ని గారూ, 50 నుంచి వదిలిన గుడ్డు పగిలిందనుకోండి. చేతిలో మిగిలింది ఒక్కటే. దాన్ని 25 నుంచి వదిలితే, అదీ పగిలితే? మీకు తెలిసేది "1 నుంచి 25 లోపు ఎక్కడో" అని మాత్రమే, చేతిలో గుడ్డు లేదు. అందుకే ఒక్క గుడ్డు మిగిలాక కింది నుంచి ఒక్కో అంతస్తే ఎక్కుతూ పోవాలి. 1, 2, 3 అంటూ 49 దాకా. మొత్తం 50సార్లు. మీరు చెప్పిన 7 గుడ్లు కావలసినన్ని ఉన్నప్పుడు సరైనదే, మీ పద్ధతిలో తప్పు లేదు. ప్రశ్నలో "రెండు" అనే మాట జారిపోయింది, అంతే.

లహరి గారూ, నేను 2011 నుంచి బెంగళూరులో, ఇప్పుడు హైదరాబాదులో ఇంటర్వ్యూలు చేస్తున్నాను. ఇదే పజిల్ వందమందికి పైగా ఇచ్చి ఉంటాను. మీ ఇంటర్వ్యూ చేసినవారి మనసులో ఏముందో నాకు తెలియదు. నా కాగితం మీద ఏముంటుందో మాత్రం చెప్పగలను. సమాధానం రాసుకోవడానికి అందులో చోటు చాలా తక్కువ. మొదట అడిగిన ప్రశ్న ఏమిటి, మొదట చెప్పిన అంకె ఏమిటి, దాన్ని తనే సరిచూసుకున్నారా, నేను ఒక మాట అందించాక ఏం చేశారు. ఈ నాలుగే.

మీ 19 మంచి సమాధానం. పదేసి అంతస్తులు ఎక్కుతూ వెళ్లి ఉంటారు, అవునా? 10, 20, 30 అలా. నూరో అంతస్తు దగ్గర పగిలితే అప్పటికి పదిసార్లు, ఆపైన 91 నుంచి 99 దాకా తొమ్మిది. మొత్తం 19. నేనయితే "ఇక్కడిదాకా తనంతట తానే వచ్చింది" అని రాసుకునేవాడిని. అయితే ఆ తరువాత "ఇంకా తగ్గించగలరా" అన్న మాట మీకు తలుపు తెరిచింది. మీరు దాన్ని మూసినట్టు విన్నారు. నష్టం జరిగింది అక్కడే అనుకుంటాను.

నాగమణి_టీచర్

నాకు ఒక సందేహం. గుడ్డును మొదటి అంతస్తు నుంచి వదిలినా పగిలిపోతుంది కదండీ. మా వంటింటి గట్టు మీద నుంచి దొర్లినా పగులుతుంది. నూరు అంతస్తులు ఎక్కడం దేనికి? ఇలాంటి ప్రశ్నలు వేసేవారు ఎప్పుడైనా వంటింట్లోకి వెళ్లారా?

శంకరం

నాగమణి గారూ, మీరు వేళాకోళంగా అన్నా, అభ్యర్థి మొదట అడగవలసిన ప్రశ్న దాదాపు అదే. "మొదటి అంతస్తు నుంచి వదిలినా పగిలే అవకాశం ఉందా? నూరో అంతస్తు నుంచి వదిలినా పగలకపోయే అవకాశం ఉందా? పగలని గుడ్డును మళ్లీ వాడుకోవచ్చా?" అని అడిగితే నా దగ్గర మంచి గుర్తు పడుతుంది. ఇంకోటి, అన్నిటికన్నా ముఖ్యమైనది: "సగటున తక్కువసార్లు కావాలా, లేక అదృష్టం ఏమాత్రం కలిసిరాకపోయినా ఇన్నిసార్లలో తేలిపోవాలా?" ఇవి రెండూ వేరు వేరు లెక్కలు. లహరి గారూ, మీరు రాసిన ప్రశ్నలో అది లేదు. ఇంటర్వ్యూ చేసినవారు నిజంగానే చెప్పలేదా, చెప్పినా మీరు వినలేదా?

లహరి_ఖమ్మం

చెప్పలేదు సర్. నేనూ అడగలేదు. అడిగితే ప్రశ్న అర్థం కాలేదని అనుకుంటారేమో అని భయం.

వేణు_డబ్లిన్

దీన్నంతా ఇంత లోతుగా చూడాలా? గూగుల్‌లో నియామకాల బాధ్యత చూసిన లాస్లో బాక్ 2013లోనే ఒక పత్రికా ఇంటర్వ్యూలో బాహాటంగా చెప్పారు, ఇలాంటి పజిళ్లు పూర్తిగా సమయం దండగ అని, వాటితో ఏదీ ముందుగా తెలియదని, అడిగేవాడు తనను తాను తెలివైనవాడిగా భావించుకోవడానికే అవి పనికొస్తాయని. మ్యాన్‌హోల్ మూతలు గుండ్రంగా ఎందుకు ఉంటాయి అని మైక్రోసాఫ్ట్ వాళ్లు అడిగిన కాలం పోయింది. లహరి గారూ, మీ తప్పేమీ లేదు. వేరే కంపెనీ చూసుకోండి.

శంకరం

వేణు గారి మాటను కొట్టిపారేయను. విమానంలో ఎన్ని గోల్ఫ్ బంతులు పడతాయి, మూతలు ఎందుకు గుండ్రంగా ఉంటాయి, ఇలాంటివి నేనూ మానేశాను. ఒక్క కిటుకు తడితే వచ్చేది, తట్టకపోతే రానిది దేనికీ కొలబద్ద కాదు. గుడ్ల పజిల్ నా దగ్గర ఎందుకు మిగిలిందంటే, దానికి మెట్లు ఉన్నాయి. 100, 50, 19, 14. ఏ మెట్టు మీద నిలబడ్డా మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. అలాగని దీని ఒక్కదాన్ని చూసి ఎవరినైనా తీసుకుంటాననీ వదులుకుంటాననీ అనుకోకండి. పావుగంట పజిల్ ముప్పావుగంట పని ప్రశ్నలకు సాటి కాదు.

వేణు_డబ్లిన్

మీరు అలా చేస్తారు. అందరూ చేయరు. నా అభ్యంతరం అక్కడ.

మస్తాన్_పల్నాడు

నా బాధ వేరు. నేను పదో తరగతి దాకా తెలుగు మాధ్యమం. లెక్క చేసేటప్పుడు మనసులో తెలుగే నడుస్తుంది. "ఆలోచిస్తున్నది బయటికి చెప్పండి" అంటారు. నేను ముందు తెలుగులో ఆలోచించి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, అది తప్పేమో అని చూసుకుని చెప్పేలోపు ఆలోచనే జారిపోతుంది. మౌనంగా ఉంటే మొద్దు అనుకుంటారు, మాట్లాడితే తడబడతాను. ఏం చేయాలి?

కామేశ్వరి

మస్తాన్ గారూ, నేనూ ఇంటర్వ్యూలు చేస్తాను, మీ వైపు మాట్లాడతాను. శంకరం గారి ధోరణిలో ఉన్న చాలామంది నిరంతరం మాట్లాడేవారిని ఇష్టపడతారు. నాకు అది నచ్చదు. రెండు నిమిషాలు నోరు మూసుకుని ఆలోచించే హక్కు మనిషికి ఉండాలి.

ఒక అనుభవం చెబుతాను. ఇదే గుడ్ల ప్రశ్నకు ఒక అమ్మాయి అయిదు నిమిషాలు పెదవి విప్పలేదు. చివరికి "రావడం లేదు మేడమ్" అంది. తక్కువ మార్కులు వేశాను. తను వెళ్లాక బల్ల మీద వదిలేసిన కాగితం చూశాను. అందులో 1, 3, 6, 10 అని వరసగా రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి ఉంది. ఒక్కసారి వదిలితే ఎన్ని అంతస్తులు తేలతాయి, రెండుసార్లకు ఎన్ని, మూడుసార్లకు ఎన్ని అని లెక్క వేసుకుంది. సమాధానానికి గుమ్మంలో ఉంది. నాకు మాత్రం తెలియదు. మార్కులు దిద్దడానికి అప్పటికి ఆలస్యమైంది. ఆనాటి నుంచి నేనే "కాగితం మీద ఏముందో చూపించండి" అని అడుగుతాను. కాబట్టి మస్తాన్ గారూ, నోటితో కాకపోతే వేలితో చెప్పండి. అంకెలకు భాష లేదు. "మూడు, ఇక్కడ ఆరు, తరువాత పది" అని చూపిస్తూ పోతే వ్యాకరణం అవసరం రాదు.

శంకరం

కామేశ్వరి గారూ, నిరంతరం మాట్లాడమని నేనూ అనను. వాగుడు వేరు, ఆలోచన వినిపించడం వేరు. మౌనం కావాలంటే "ఒక్క నిమిషం ఆలోచించుకుని చెబుతాను" అని అడిగి తీసుకోవాలి. ముఖ్యంగా వీడియో కాల్‌లో. అడక్కుండా ఊరుకుంటే లైను తెగిందేమో అని నేను "వినపడుతోందా?" అంటాను, అభ్యర్థి ఉలిక్కిపడతాడు, ఇద్దరి దారీ తప్పుతుంది. అయితే రెండు నిమిషాలు దాటిన మౌనం గురించి మీతో నాకు రాజీ లేదు. ఎటు వెళుతున్నారో నాకు తెలియకపోతే మాట అందించలేను.

లహరి గారూ, "బయటికి ఆలోచించడం" ఎలా ఉంటుందో ఒకసారి నడిచి చూపిస్తాను. మీరే మాట్లాడుతున్నారనుకోండి.

"ఒక్కటే గుడ్డు ఉంటే కింది నుంచి ఒక్కో అంతస్తు ఎక్కాల్సిందే, గరిష్ఠంగా నూరుసార్లు. రెండో గుడ్డు దేనికి ఉపయోగపడుతుంది? మొదటి దానితో పెద్ద అంగలు వేసి, అది పగిలాక రెండో దానితో ఆ అంగ లోపల ఒక్కో మెట్టూ వెతకాలి. అంగ పది అంతస్తులు అనుకుంటాను. 19 వచ్చింది."

ఇక్కడిదాకా మీరూ వచ్చారు. ఇక్కడ ఆగి చెప్పిన అంకెనే ఒకసారి తిరగేసి చూసుకోవాలి. "పదో అంతస్తు దగ్గరే పగిలితే ఎన్ని? ఒకటి, తరువాత తొమ్మిది, మొత్తం పది. నూరు దగ్గర పగిలితే 19. ఎందుకీ తేడా? పైకి వెళ్లేకొద్దీ మొదటి గుడ్డుకు అయిన ఖర్చు పెరుగుతోంది, రెండో గుడ్డు ఖర్చు మాత్రం ప్రతిచోటా తొమ్మిదే. కింద పగిలితే చవక, పైన పగిలితే ఖరీదు. రెండూ సమానంగా ఉండాలంటే పైకి పోయేకొద్దీ అంగ చిన్నది కావాలి. మొదటి గుడ్డును ఒకసారి ఎక్కువగా వదిలానంటే, రెండో గుడ్డుకు ఒకటి తగ్గించాలి."

నేను ఎదురుచూసేది ఈ "ఎందుకీ తేడా" అనే మాట కోసం. అది వచ్చాక మిగిలినది కూడిక. మొదటి అంగ ఎంతో తెలియదు కాబట్టి దాన్ని n అనుకుంటే తరువాతిది ఒకటి తక్కువ, ఆ తరువాతిది ఇంకొకటి తక్కువ. అన్నీ కలిపితే నూరు దాటాలి:

```
n + (n-1) + ... + 2 + 1 = n(n+1)/2 >= 100
n = 13  ->  91
n = 14  -> 105
```

13 చాలదు, 14 సరిపోతుంది. కామేశ్వరి గారి అమ్మాయి రాసిన 1, 3, 6, 10 వరస కూడా ఇదే. ఆమె ప్రశ్నను తిరగేసింది. నూరు అంతస్తులకు ఎన్నిసార్లు అని అడక్కుండా, ఇన్నిసార్లకు ఎన్ని అంతస్తులు అని అడిగింది. నిజం చెప్పాలంటే నా దారి కన్నా ఆమెదే అందమైన దారి.

మధ్యలో కూడిక తప్పు పోవచ్చు, పరవాలేదు. "ఆగండి, 12 కలపడం మరిచాను" అని తనే పట్టుకున్నవారికి నేను తప్పు రాసుకోను. తన తప్పు కనబడ్డాక దాన్ని సమర్థించుకుంటూ వాదించేవారికి రాసుకుంటాను.

సందీప్_2024

ఇంత కథ అక్కర్లేదు అన్నా. ఇంటర్వ్యూల్లో తిరిగే పజిళ్లు యాభై మించి ఉండవు. అన్నీ కంఠతా పట్టేయండి. దీనికి సమాధానం 14, 27, 39, 50, 60, 69, 77, 84, 90, 95, 99, 100. మొదటిసారి కచ్చితంగా 14వ అంతస్తు నుంచే వదలాలి, వేరే ఎక్కడ మొదలుపెట్టినా తప్పు. నేను ఇలాగే రెండు ఆఫర్లు తెచ్చుకున్నాను.

శంకరం

వరస సరైనదే సందీప్. "కచ్చితంగా 14" మాత్రం తప్పు. పద్నాలుగుసార్లలో 105 అంతస్తులు తేల్చవచ్చు, మనకు కావలసినవి నూరే. అయిదు అంతస్తుల వెసులుబాటు ఉంది. మొదటిసారి 14 నుంచే కాదు, 9 నుంచి 14 దాకా ఎక్కడి నుంచి మొదలుపెట్టినా పద్నాలుగుసార్లలోనే ముగించవచ్చు. ఎందుకో మీరే చూడండి.

ఇలా కంఠతా పట్టినవారిని పోల్చుకోవడం కష్టమేమీ కాదు. రెండేళ్ల కిందట ఒక అబ్బాయి ప్రశ్న పూర్తి కాకముందే మీ వరస మొత్తం ఏకరువు పెట్టాడు. సరే, భవనానికి 36 అంతస్తులే ఉంటే? అన్నాను. మళ్లీ 14 నుంచే మొదలుపెట్టాడు. అక్కడ పగిలితే కింద పదమూడు వెతకాలి కదా, 36 అంతస్తులయితే మొత్తం 8సార్లలో అయిపోయే పని. అతను అప్పుడు "ఈ ప్రశ్న ఇదివరకు చూశాను సర్, పద్ధతి మరిచిపోయాను" అని ఉంటే ఇద్దరం కలిసి మొదటినుంచి చేసేవాళ్లం. ముందే తెలిసిన పజిల్ వస్తే ఆ మాట చెప్పేయడం మంచిది. నేను వేరేది ఇస్తాను, ఏమీ తగ్గదు.

సందీప్_2024

చెప్పేస్తే ఇంకా కష్టమైనది ఇస్తారు కదా. అది ఎవరికి లాభం?

కామేశ్వరి

ఈ విషయంలో సందీప్ భయంలో అర్థం ఉంది. చెప్పినందుకు కష్టమైనది ఇచ్చి, దానిలో తడబడితే తక్కువ మార్కులు వేసేవారు ఉన్నారు. శంకరం గారి పద్ధతి అందరి దగ్గరా ఉంటే చెప్పమనేదాన్ని. ఇప్పుడు మాత్రం గట్టిగా చెప్పలేను.

లహరి_ఖమ్మం

శంకరం గారూ, నిన్న రాత్రి మా తమ్ముడిని ఎదురుగా కూర్చోబెట్టి, గుడ్లు మూడు ఉంటే ఏమవుతుందో పైకి చెబుతూ చేశాను. మొదట మాట పెగల్లేదు. తరువాత ఇలా వచ్చింది.

"మూడు గుడ్లతో తొమ్మిదిసార్లలో అవుతుందా చూద్దాం. మొదటిది పగిలితే రెండు గుడ్లు, ఎనిమిదిసార్లు మిగులుతాయి. రెండు గుడ్లతో ఎనిమిదిసార్లలో 36 అంతస్తులు తేలతాయని ముందే తెలుసు. కాబట్టి మొదటిసారి 37 నుంచి వదలవచ్చు. పగలకపోతే పైన 63 మిగిలాయి, మూడు గుడ్లు, ఎనిమిదిసార్లు..." అక్కడ ఆగిపోయాను. 63 సరిపోతుందో లేదో తేల్చలేకపోయాను. తమ్ముడు ఆవులిస్తూ "ఇంకా తగ్గించగలవా?" అన్నాడు. ఈసారి నవ్వొచ్చింది.

శంకరం

సరిపోతుంది. మళ్లీ అదే మెట్టు ఎక్కండి. ఎనిమిదిసార్లు మిగిలినప్పుడు, పగిలితే రెండు గుడ్లు, ఏడుసార్లు, అంటే 28 అంతస్తులు. కాబట్టి తరువాతి అంగ 29. అలా కూడుకుంటూ పోతే ఎనిమిదిసార్లకు 92 దాకా వస్తుంది, మీకు కావలసినవి 63. తొమ్మిదికి లోటు లేదు. ఎనిమిదిసార్లలో అవుతుందా అనేదానికి సమాధానం కూడా ఆ 92లోనే ఉంది.

మీరు "అక్కడ ఆగిపోయాను" అని రాసిన చోటు చూశారా? అదే మాటను ఇంటర్వ్యూలో అనండి. "63 సరిపోతుందో లేదో తేల్చాలి, అక్కడ ఆగాను" అంటే నేను ఏ మాట అందించాలో నాకు తెలుస్తుంది. "తెలియదు సర్" అంటే తెలియదు.

నాగమణి_టీచర్

మా ఎనిమిదో తరగతి పిల్లలకు ఇవాళ పది అంతస్తుల భవనంతో ఇచ్చాను. ఒకడు లేచి "టీచర్, గుడ్డు ఉడకబెట్టిందా?" అన్నాడు. మీ లెక్కలో వాడికి మంచి గుర్తే కదా శంకరం గారూ. నలుగురు నాలుగుసార్లని చెప్పారు. వారిలో ఇద్దరు ఎలా వచ్చిందో చెప్పలేకపోయారు, పక్కవాడిది చూసి రాశారు.

వేణు_డబ్లిన్

ఆ ఇద్దరికే రేపు ఉద్యోగాలు ముందొస్తాయి, చూస్తూ ఉండండి.

సందీప్_2024

శంకరం గారూ, 9 నుంచి మొదలుపెట్టి చూశాను. 9, 22, 34, 45, 55, 64, 72, 79, 85, 90, 94, 97, 99, 100. నిజంగానే పద్నాలుగు, ఎక్కడ పగిలినా దాటడం లేదు. కానీ 9 తరువాత 22 తప్ప ఇంకెక్కడా పెట్టడానికి వీల్లేదు, వెసులుబాటు మొత్తం మొదటిసారే అయిపోయింది. 8 నుంచి కూడా మొదలుపెట్టి చూశాను. పైన 92 మిగులుతున్నాయి, పదమూడుసార్లకు తేలేవి 91. నూరో అంతస్తు ఒక్కటి మిగిలిపోతోంది.